పొద్దున విమానం ఉంటే మెటార్‌లో ఈ జంట అంకెలు చూడండి

కడప నుంచి పొద్దున్నే విమానం ఉంటే, పైలట్లు బయల్దేరే ముందు చదివే విమానాశ్రయ వాతావరణ నివేదిక మెటార్‌ను మీరూ చదవొచ్చు. నమూనాగా ఈ లైను చూడండి:

```
METAR VOCP 070030Z 24004KT 3000 BR SCT015 24/23 Q1010 NOSIG
```

VOCP అంటే కడప విమానాశ్రయం. తర్వాత 7వ తేదీ, 00:30 గంటలు. చివరి Z అంటే అది ప్రపంచ ప్రామాణిక సమయం, కాబట్టి అయిదున్నర గంటలు కలపాలి, అంటే మనకు పొద్దున 6. తెల్లవారుజామున 4 గంటల లైనులో ముందురోజు తేదీ ఉంటుంది, పాతదనుకోకండి. గాలి 240 డిగ్రీల వైపు నుంచి 4 నాట్లు. అటు వీస్తోందని కాదు, అటునుంచి వస్తోందని. 3000 మీటర్ల దాకా కనిపిస్తోంది, BR అంటే పలుచని మంచు. 1500 అడుగుల ఎత్తున చెదురుమదురు మేఘాలు. Q1010 గాలి పీడనం.

నేను ముందు చూసేది 24/23. ఉష్ణోగ్రత 24, గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత 23. తేడా ఒక్క డిగ్రీ, గాలీ మందంగా ఉంది, కాబట్టి పొగమంచు కమ్మే అవకాశం ఉంది. చూపు 1000 మీటర్ల లోపుకు పడితే BR పోయి, పొగమంచుకు గుర్తైన FG వస్తుంది. చివరి NOSIG ప్రకారం రెండు గంటల్లో పెద్ద మార్పు ఉండదని అంచనా. అయినా ముందటి లైను తీసి పోల్చండి: 26/23 నుంచి 24/23కి దిగి, చూపు కూడా తగ్గుతూ వస్తుంటే తర్వాతి లైను వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి.