పాడైపోయే సరుకు: మూడవ పాఠం
ధర తగ్గించే రోజును లెక్కగట్టడం

గత పాఠంలో ర్యాకు నింపే పద్ధతి నేర్చుకున్నాం. పాత సరుకంతా బయటికి తీసి, కొత్తది వెనక సర్ది, పాతది ముందు పెట్టడం. ముందు వచ్చింది ముందు పోవాలి అన్న ఆ సూత్రానికి ఒక సవరణ ఉంది. దాన్ని చెప్పుకోకుండా ధర తగ్గింపు జోలికి వెళితే లెక్కంతా తప్పుతుంది.

సోమవారం వచ్చిన పెరుగు కప్పుల గడువు తేదీ 20 అనుకోండి. బుధవారం వచ్చిన లాటు మీద 18 అని ఉంది. సరఫరాదారు తన గోదాములో మూలన ఉన్న పెట్టెలను పంపితే ఇలా జరుగుతుంది, అరుదేమీ కాదు. వచ్చిన వరస ప్రకారం సర్దితే 18వ తేదీ కప్పులు వెనక్కి పోయి, అక్కడే గడువు తీరిపోతాయి. అందుకని తేదీ ముద్రించి ఉన్న సరుకును గడువు తేదీ వరసలోనే సర్దాలి. సరుకు దిగగానే ప్రతి పెట్టె మీద గడువు తేదీని దూరం నుంచి కనిపించేంత పెద్ద అంకెలతో రాయండి. పెట్టె మీది ముద్ర చూసి కాదు, లోపలి కప్పు ఒకటి తీసి చూసి రాయండి, రెండూ ఒకటే కానవసరం లేదు. తేదీ లేని విడి కాయగూరలకు, పండ్లకు మాత్రం వచ్చిన రోజే ఆధారం.

ఇక అసలు విషయానికి వద్దాం. ధర తగ్గించడానికి చాలామంది గడువుకు ఒక రోజు ముందు అని ఒక అలవాటు పెట్టుకుంటారు. అది తప్పుడు అలవాటు. ఒక్క గడువు తేదీని చూస్తే చాలదు, చేతిలో ఎంత సరుకుందో, రోజుకు ఎంత పోతుందో కూడా చూడాలి. ఒకే తేదీ ఉన్న రెండు రకాల్లో ఒకదానికి ఇవాళే స్టిక్కరు వేయాల్సి రావచ్చు, రెండోదానికి అసలు అవసరమే ఉండకపోవచ్చు.

లెక్క చేసి చూద్దాం. ఇవాళ 10వ తేదీ, పొద్దున తనిఖీ. పెరుగు కప్పులు 40 ఉన్నాయి, అన్నిటి గడువూ 14. మామూలుగా రోజుకు 6 అమ్ముడవుతాయి. ముందుగా అమ్మకపు రోజులు తేల్చాలి. కొన్నవాళ్లకు తినడానికి కనీసం ఒక రోజైనా ఉండాలి కాబట్టి 14న అమ్మం. మిగిలేవి 10, 11, 12, 13, అంటే 4 రోజులు. రోజుకు 6 చొప్పున 24 కప్పులు పోతాయి, 16 పారబోతకు వెళతాయి.

ఈ 40 కప్పులూ పోవాలంటే రోజుకు 10 అమ్ముడవ్వాలి. ఈ అంకెను ‘కావలసిన వేగం’ అందాం. ఈ పాఠంలో ఇదే కీలకం. ఇదే లాటును రెండు రోజుల ముందు, 8న చూసి ఉంటే? అప్పుడు 52 కప్పులు, 6 అమ్మకపు రోజులు: కావలసిన వేగం 8.7. ఏమీ చేయకుండా 12 దాకా ఆగితే 28 కప్పులు, 2 రోజులు: 14. 13 దాకా ఆగితే మిగిలిన 22 కప్పులూ ఒక్క రోజులో పోవాలి. సహజ వేగం 6 దగ్గరే ఉండిపోతే, కావలసిన వేగం మొదట్లో మెల్లగా, చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతుంది. 8.7కు లేదా 10కి చేరడానికి చిన్న తగ్గింపు సరిపోవచ్చు. 22కు చేరడానికి సగం ధర కూడా చాలకపోవచ్చు, ఎందుకంటే ఒక్క రోజులో ఆ ర్యాకు దగ్గరికి వచ్చే మనుషుల సంఖ్యే పరిమితం.

దీన్ని డబ్బులోకి మారుద్దాం. కప్పు ధరను 100 పాళ్లు అనుకోండి. ఏమీ చేయకపోతే 24 కప్పులకు 2400 పాళ్లు వస్తాయి. చివరి రోజు దాకా ఆగి సగం ధర పెడితే, మొదటి మూడు రోజుల 18 కప్పులకు 1800. చివరి రోజు 14 పోయాయనుకున్నా 700. మొత్తం 2500, ఇంకా 8 కప్పులు పారబోతే. ఇవాళే 20 శాతం తగ్గించి రోజుకు 10 అమ్మగలిగితే 40 కప్పులకు 80 చొప్పున 3200, పారబోత సున్నా.

కానీ 20 శాతం తగ్గిస్తే 10 పోతాయని ఎవరు చెప్పారు? సరైన ప్రశ్నే. దీనికి తిరగేసి లెక్క వేయండి. ఆగడం వల్ల వచ్చే 2500ను 80తో భాగిస్తే 31.25. అంటే నాలుగు రోజుల్లో 32 కప్పులు, రోజుకు 8 పోతే చాలు, ముందు తగ్గించడమే మెరుగు. 6 నుంచి 8కి పెరుగుతుందా లేదా అన్నది మీ పాత అమ్మకాల పుస్తకం చెప్పాలి. స్టిక్కరు వేసిన రోజు, తగ్గించిన శాతం, ఆ రోజు పోయిన సంఖ్య, ఈ మూడూ రాస్తూ పోతే కొన్ని వారాల్లో మీ దగ్గరే జవాబు ఉంటుంది. సరుకును కొన్న ధర ఈ పోలికలోకి రాదని గమనించండి. ఆ డబ్బు ఇప్పటికే ఖర్చయింది, ఏ దారి ఎంచుకున్నా మారదు. కొన్న ధర కంటే తగ్గకూడదని పట్టుబట్టి మొత్తం పారబోయడం ఈ పనిలో తరచూ కనిపించే తప్పు.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. తగ్గించిన కప్పు కొన్న మనిషి, అది లేకపోతే పూర్తి ధరకు తాజా లాటులోంచి కొనేవాడే అయితే, మీరు ఒక అమ్మకాన్ని చౌకగా మార్చుకున్నారంతే. అందుకే పాత లాటు తేలిపోయే దాకా తాజా లాటును వీలైతే గోదాములోనే ఉంచండి, తర్వాతి ఆర్డరులో ఆ మేరకు కోత పెట్టండి.

స్టిక్కరు వేసేటప్పుడు గడువు తేదీ మీద పడకుండా చూడండి. తేదీ కప్పేసిన కప్పును జనం అనుమానంతో పక్కన పెడతారు, మీ తనిఖీలోనూ అది దొరకదు. బిల్లింగు యంత్రంలో ధర మార్చకుండా కప్పు మీద మాత్రమే మార్చితే గల్లా దగ్గర పేచీ వస్తుంది. ముందు యంత్రంలో మార్చి, ఒక కప్పు స్కాన్ చేసి చూసి, ఆ తర్వాతే మిగతావాటికి అంటించండి.

మూత ఉబ్బినవి, కారుతున్నవి, చల్లదనం తప్పి బయట ఉండిపోయినవి తగ్గింపు వరుసలోకి రాకూడదు. గడువు తేదీ అనేది చెప్పిన చలిలో ఉంచితేనే చెల్లే మాట. అది తప్పాక ఆ అంకెకు విలువ లేదు, సరుకును తీసేయాల్సిందే.

అభ్యాసం: త్వరగా పాడయ్యే రకాలు ఐదు ఎంచుకోండి. వారం పాటు రోజూ పొద్దున ప్రతి గడువు తేదీకి ఉన్న సంఖ్యను లెక్కపెట్టి, అమ్మకపు రోజులతో భాగించండి. పక్కనే సహజ వేగం రాయండి, అదే వారపు రోజున గత నాలుగు వారాల్లో పోయిన సంఖ్యల సగటు తీసుకోవాలి. శనివారపు అమ్మకాన్ని మంగళవారానికి అంటగట్టకండి. కావలసిన వేగం సహజ వేగాన్ని దాటిన మొదటి రోజును ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఒకే రకానికి ప్రతి వారం అదే రోజు ఎర్ర గుర్తు పడుతుంటే లోపం ర్యాకులో లేదు, ఆర్డరు పరిమాణంలో ఉంది. ఆ గుర్తులున్న కాగితం దాచి ఉంచండి, నాలుగవ పాఠంలో ఆర్డరు లెక్క దాంతోనే మొదలుపెడతాం.