సెప్టిక్ ట్యాంకు గొట్టం నుంచి వచ్చే దోమలు: గుర్తించడం, జాలీ కట్టడం

సమస్య

ఇంటి చుట్టూ నీరు నిల్వ లేదు, కుండీలు, డ్రమ్ములు వారానికోసారి కడుగుతున్నారు, కిటికీలకు జాలీలు ఉన్నాయి. అయినా చీకటి పడ్డాక గదుల్లో దోమలు మూగుతున్నాయి, ఉదయం బాత్రూమ్ గోడల మీదా తలుపు వెనకా గుంపులుగా వాలి కనిపిస్తున్నాయి. అవి తెల్లని చారలు లేని గోధుమ రంగు దోమలై, గోడకు సమాంతరంగా వాలి, ఎక్కువగా రాత్రిపూటే కుడుతుంటే అవి చాలావరకు క్యూలెక్స్ దోమలు. ఈ దోమ శుభ్రమైన నీటికన్నా మురుగునీటినే కోరుకుంటుంది. మన కోస్తా జిల్లాలను దశాబ్దాలుగా పీడించిన బోదకాలు వ్యాధిని మోసేది ఇదే. అందువల్ల దీన్ని కేవలం నిద్ర చెడగొట్టే పురుగుగా చూడకూడదు.

కారణం

సెప్టిక్ ట్యాంకు లోపల చీకటి, వెచ్చదనం, కదలని మురుగునీరు మూడూ ఉంటాయి, దోమలను తినే చేపలు మాత్రం ఉండవు. ట్యాంకు నుంచి గ్యాస్ పోవడానికి పెట్టిన వెంట్ గొట్టం పైన తెరిచి ఉంటే, ఆ వాసనను పట్టుకుని గుడ్లు పెట్టబోయే ఆడదోమ డాబా మీది నుంచే లోపలికి దిగిపోతుంది. ఒక్కసారికి వందకు పైగా గుడ్లను తెప్పలా నీటిపై పేరుస్తుంది. వేసవి వేడిలో వారం, పది రోజుల్లో అవి దోమలై అదే దారిన బయటికి వస్తాయి.

గొట్టం మీద ప్లాస్టిక్ టోపీ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ప్లంబర్లు కౌల్ అని పిలిచే ఆ టోపీ వానను, ఆకులను ఆపుతుంది, కానీ దాని చుట్టూ ఉన్న చీలికలు సాధారణంగా అర సెంటీమీటరుకు పైగా వెడల్పు ఉంటాయి. దోమకు అది తలుపు తెరిచినట్టే.

అసలు దోమలు అక్కడి నుంచే వస్తున్నాయని నిర్ధారించుకోకుండా ఖర్చు పెట్టనవసరం లేదు. పాత దోమతెర గుడ్డతో ఒక సంచి కుట్టి, సాయంత్రం చీకటి పడకముందే గొట్టం కొసకు తొడిగి, తాడుతో బిగించి, తెల్లవారాక చూడండి. సంచి లోపల దోమలుంటే అవి ట్యాంకులో పుట్టినవే. ఒక్క రాత్రి ఏమీ దొరకకపోతే మరో రెండు రాత్రులు చూడాలి, ఎందుకంటే అవి రోజూ ఒకే సంఖ్యలో పుట్టవు. ఈ పరీక్షకు పాలిథీన్ సంచి వాడకండి. అది గ్యాస్ దారిని మూసేస్తుంది.

పరిష్కారం

జాలీ కంటి వెడల్పు 1.2 మిల్లీమీటర్లకు మించకూడదు. కిటికీలకు వాడే మంచి దోమల జాలీ సరిగ్గా ఇలాంటిదే. రకం మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోవాలి. ట్యాంకు నుంచి వచ్చే తేమలో, గంధకం కలిసిన వాయువుల్లో మామూలు ఇనుప జాలీ తుప్పు పట్టి పొడిపొడి అవుతుంది. నైలాన్ జాలీ ఎండకు పెళుసుబారుతుంది. చీర ముక్కో గోనె గుడ్డో కట్టడం తాత్కాలికమే: తడిసి మూసుకుపోతుంది, లేదా చిరిగిపోతుంది.

గాలి సంగతి మరవకూడదు. 1.2 మిల్లీమీటర్ల కన్ను, 0.3 మిల్లీమీటర్ల తీగ ఉన్న జాలీలో గాలికి మిగిలే ఖాళీ మొత్తం వైశాల్యంలో 64 శాతమే. గొట్టం నోటికి అడ్డంగా బిగిస్తే గాలి దారి మూడో వంతు తగ్గినట్టే, సాలెగూళ్లు, దుమ్ము చేరాక ఇంకా తగ్గుతుంది. అప్పుడు ట్యాంకులోని వాసన బాత్రూమ్ వైపు తిరుగుతుంది. అందుకే జాలీని పైన చదునుగా పరచకుండా, కౌల్ మొత్తాన్ని కప్పే సంచిలా తొడగడం మేలు. వైశాల్యం పెరిగి, తగ్గిన గాలి దారి తిరిగి వస్తుంది.

రాజమహేంద్రవరంలో ఒక అంతస్తు ఇల్లు ఉందనుకుందాం. డాబా మీద నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం, దానిమీద కౌల్ ఉన్నాయి. జాలీలో సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి, కౌల్ మీద మధ్యకు పెట్టి, నాలుగు మూలలనూ మడతలుగా కిందికి దించాలి. కౌల్ కింద గొట్టం సాఫీగా ఉన్న చోట ఆ అంచులను మరమేకుతో బిగుసుకునే స్టీలు క్లిప్పుతో గట్టిగా పట్టించాలి. మడతల మధ్య సందు మిగలకుండా వేలితో తడిమి చూడాలి. మిగిలితే అక్కడ తీగతో ఇంకొక చుట్టు కట్టాలి. తీగ కొసలు గుచ్చుకుంటాయి కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి. నిచ్చెన వేసేటప్పుడు కింద ఒకరు పట్టుకునే ఏర్పాటు ఉండాలి.

ఇక్కడితో పని అయిందనుకుని ఆగిపోవడమే అసలు పొరపాటు. ఆ డాబా మీదే మరుగుదొడ్డి గొట్టానికి వేరే వెంట్ ఉండవచ్చు, దాని నోరు కూడా తెరిచే ఉంటుంది. నేలలో ట్యాంకు పలకల మధ్య సిమెంటు రాలిన పగుళ్లు, గొట్టం పలకను దాటే చోట మిగిలిన సందు, సరిగా కూర్చోని ఛాంబర్ మూత, ఇవన్నీ దోమలకు దారులే. పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి. తరచూ తీయాల్సిన మూత కింద రబ్బరు పట్టీ పెడితే చాలు. పైదారి మూసుకున్నాక లోపల పుట్టిన దోమలు వేరే దారి వెతుక్కుంటాయి. జాలీ కట్టాక బాత్రూమ్‌లో దోమలు పెరిగాయని కొందరు చెప్పడానికి ఇదే కారణం. వాడని బాత్రూమ్‌లో నేల జాలీ కింద నీరు నిలిచి దారిని మూసి ఉంచే ట్రాప్‌లో ఆ నీరు ఎండిపోయి, ట్యాంకు నేరుగా గదికి తెరుచుకుంటుంది. వారానికోసారి ఒక మగ్గు నీళ్లు అందులో పోయండి.

ట్యాంకు నీరు వీధి కాలువలోకి పోయే గొట్టం ఉంటే దాని నోటికి జాలీ పెట్టకండి. మురుగు చిక్కుకుని నీరు వెనక్కి తన్నుతుంది. పాత ట్యూబు రబ్బరును మూతలా పైనుంచి వేలాడదీస్తే నీటిని వదిలి, మిగతా సమయాల్లో మూసుకుని ఉంటుంది.

వెంట్ గొట్టాన్ని ఎండ్ క్యాపుతో పూర్తిగా మూసేయడం పరిష్కారం కాదు. లోపల మీథేన్ వంటి వాయువులు చేరి, అవి ఇంట్లోకి తోసుకొస్తాయి. అదే కారణంతో తెరిచిన మూత దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు, ఏ పరిస్థితిలోనూ ట్యాంకులోకి దిగకూడదు. ట్యాంకులో కిరోసిన్, ఫినాయిల్ పోయడం కూడా మానాలి, మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాటితో దెబ్బతింటాయి.

ఫలితం చూడటం

మొదటి పది రోజులు తేడా తెలియకపోవచ్చు, ఎందుకంటే లోపలి లార్వాలన్నీ దోమలయ్యే దాకా కొత్త దోమలు పుడుతూనే ఉంటాయి. బయట ఇప్పటికే తిరుగుతున్న దోమలు కూడా మరికొన్నాళ్లు బతుకుతాయి. రెండు వారాల తరువాత కూడా తగ్గకపోతే ఒక సాయంత్రం ట్యాంకు చుట్టూ తిరిగి పగుళ్ల దగ్గర టార్చి వేసి చూడండి. అక్కడ ఎగిరే దోమలే మిగిలిన దారిని చూపిస్తాయి. పగుళ్లేవీ లేకపోయినా దోమలు తగ్గకపోతే, పొరుగింటి గొట్టమో వీధి కాలువో మూలమై ఉండాలి. ఆ దోమలను మీ జాలీ ఆపజాలదు, పొరుగువారు కూడా కట్టుకుంటేనే ఫలితం కనిపిస్తుంది. కట్టిన జాలీని ఆరు నెలలకోసారి, ముఖ్యంగా వానాకాలం ముందు, బ్రష్‌తో దులిపి, తీగ తెగిన చోట్లు ఉంటే ముక్క మార్చాలి.