మినిట్స్ రాయడం నేర్చుకుందాం – 5వ పాఠం: చేతిలో ఏమీ లేనప్పుడు

గత పాఠంలో మీటింగులో కూర్చుని నోట్సు ఎలా తీసుకోవాలో చూశాం. ఈ పాఠంలో మీరు ఆ మీటింగులో లేరు. కల్యాణదుర్గం దగ్గర ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ ఉందనుకోండి. మీరు అక్కడ లెక్కలు, కాగితాలు చూస్తారు. 2025 మే 12, సోమవారం బోర్డు మీటింగ్ జరిగింది. మరుసటి రోజు పొద్దున సీఈఓ ఫోన్ చేసి, "నిన్నటి మీటింగ్ మినిట్స్ రాసిపెట్టమ్మా, సాయంత్రానికి కావాల" అని పెట్టేశారు. ఎవరెవరు వచ్చారో, ఏం తీర్మానించారో, ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో చెప్పలేదు.

ఇలాంటప్పుడు చాలామంది పోయిన నెల మినిట్స్ తెరిచి తేదీ మార్చి, అవే పేర్లు ఉంచి, ఎజెండాలోని ప్రతి అంశం కింద "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసేస్తారు. అలా చేయవద్దు. కంపెనీల చట్టం 2013లోని 118వ సెక్షన్ ప్రకారం సక్రమంగా రాసి ఉంచిన మినిట్స్ ఆ మీటింగులో జరిగినదానికి సాక్ష్యం. రాని డైరెక్టర్ పేరు అందులో ఉంటే, రేపు అప్పు విషయంలో తగాదా వచ్చినప్పుడు ఆయన వచ్చినట్టే లెక్క. అదే సెక్షన్ కింద మినిట్స్‌ను తారుమారు చేసినవారికి రెండేళ్ల దాకా జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి.

ముందు అడగాల్సింది: ఎవరికోసం?

సీఈఓకు తిరిగి ఫోన్ చేసి మొదట అడగాల్సిన ప్రశ్న, "సాయంత్రం ఎవరికి ఇస్తారు సార్?" అన్నదే. "బ్యాంకుకు" అని వస్తే మీ పని సగం మారిపోతుంది. బ్యాంకుకు పూర్తి మినిట్స్ అక్కర్లేదు. అప్పు తీసుకోవడానికి బోర్డు ఒప్పుకున్న ఆ ఒక్క తీర్మానం నకలు, దాని కింద ధ్రువీకరణ సంతకం ఉంటే చాలు. మినిట్స్ పుస్తకమే తీసుకుపోయి బ్యాంకు బల్ల మీద పెడితే ఇతర విషయాలన్నీ బయటి వాళ్లు చదువుతారు. ఆడిటర్‌కైతే పుస్తకమే చూపించాలి. సభ్య రైతు ఎవరైనా అడిగారనుకోండి, సభ్యులు చూసే హక్కు సర్వసభ్య సమావేశాల మినిట్స్‌కే ఉంది, బోర్డు మినిట్స్‌కు లేదు.

ఇంకో మాట కూడా అప్పుడే చెప్పేయండి. పూర్తి మినిట్స్ సాయంత్రానికే ముగించాలన్న నియమం ఏదీ లేదు. ముసాయిదాను మీటింగ్ అయిన 15 రోజుల్లో డైరెక్టర్లకు పంపాలి, వాళ్లు 7 రోజుల్లో తమ మాట చెప్పాలి, 30 రోజుల్లోపు పుస్తకంలోకి ఎక్కించాలి. మన లెక్కలో ముసాయిదాకు మే 27, పుస్తకానికి జూన్ 11 గడువు. బ్యాంకుకు తొందరైతే ఆ ఒక్క తీర్మానాన్ని ముందు తేల్చుకుని, మిగతావి నింపాదిగా రాయండి.

ఆఫీసులోనే దొరికేవి

మనుషుల్ని అడిగే ముందు అలమరా తెరవండి. మీటింగుకు పంపిన నోటీసులో తేదీ, సమయం, చోటు, ఎజెండా ఉంటాయి. ఇలాంటి కంపెనీలో నోటీసు కనీసం 7 రోజుల ముందు పోవాలి కాబట్టి అది ఏ రోజు పంపారో కూడా చూసుకోండి. హాజరు పుస్తకంలో సంతకాలు ఉంటాయి. కిందటి మినిట్స్‌లో పెండింగ్ పెట్టిన అంశాలుంటాయి.

మన ఉదాహరణలో హాజరు పుస్తకంలో 6 సంతకాలున్నాయి. బోర్డులో మొత్తం 10 మంది. రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి కోరం, అంటే మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, అదీ ముగ్గురికి తగ్గకూడదు. పదిలో మూడో వంతు 3.33, పైకి తీసుకుంటే నలుగురు. ఆరుగురు వచ్చారు కాబట్టి కోరం ఉంది. కానీ సంతకం పెట్టి టీ తాగి పోయినవాళ్లు ఉంటారు. ఏ అంశం దగ్గర ఎంతమంది ఉన్నారో పుస్తకం చెప్పదు. అది మనుషుల్ని అడగాల్సిందే. సంతకం లేని వ్యక్తిని, "వచ్చాడులే, రాసెయ్" అన్నా రాయకండి. ఆయననే నేరుగా అడిగి, ఔనంటే ఛైర్మన్‌కు చెప్పి, ముసాయిదాలో ఆ మాట విడిగా గుర్తు పెట్టండి. వెనక తేదీతో సంతకం తీసుకోవద్దు.

చెక్కు పుస్తకం, కొటేషన్లు కూడా పనికొస్తాయి, అయితే ఒక హద్దు ఉంది. చెక్కు ఇచ్చారంటే డబ్బు పోయిందని మాత్రమే తెలుస్తుంది, బోర్డు ఒప్పుకుందని తెలియదు. బోర్డు ముందుకు రాని ఖర్చు కనిపిస్తే దాన్ని ఈ మినిట్స్‌లో కలపకూడదు. వచ్చే మీటింగు ఎజెండాలో ఆమోదం కోసం పెట్టాలి.

తీర్మానాన్ని రాబట్టడం

అసలు కష్టం ఇక్కడే ఉంది. "ఏం తీర్మానించారు సార్?" అని అడిగితే "విత్తనాల విషయం ఓకే అయింది, బ్యాంకు లోను ఓకే, గోడౌన్ చూద్దామన్నారు" అని వస్తుంది. ఇందులో రాయదగ్గ మాట ఒక్కటీ లేదు. "వివరాలన్నీ పంపండి" అని అడిగినా ఎవరూ పంపరు. అంశం వారీగా, ఒక్క మాటలో జవాబిచ్చే ప్రశ్నలు పంపాలి. సీఈఓకు, ఛైర్మన్‌కు విడివిడిగా వాట్సాప్‌లో ఇలా పంపవచ్చు:

"సార్, మే 12 మీటింగ్ గురించి. 3వ అంశం, చెనక్కాయ విత్తనాలు: ఏ రకం? కాయలా, గింజలా? ఎన్ని క్వింటాళ్లు? కిలో ఎంతకు మించకూడదన్నారు? రవాణా అందులోనేనా? ఎవరి దగ్గర కొనాలన్నారు, కొటేషన్లు పిలవాలా? ఎవరికి బాధ్యత ఇచ్చారు, ఏ తేదీలోపు? వద్దన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

కాయలా గింజలా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, వదిలేస్తే కొంప మునుగుతుంది. పొట్టు పోతే బరువు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. కాబట్టి "200 క్వింటాళ్లు" అని మాత్రమే రాస్తే బోర్డు ఒకటి అనుకుంటుంది, సరఫరాదారు మరొకటి అనుకుంటాడు.

జవాబులు వచ్చాయనుకుందాం: కే-6 రకం, కాయలు, 200 క్వింటాళ్లకు మించకుండా, రవాణాతో కలిపి కిలో రూ. 95 మించకుండా, కనీసం ముగ్గురి కొటేషన్లు, బాధ్యత సీఈఓకు, మే 31లోపు. వెంటనే గుణించండి. 20,000 కిలోలు, కిలోకు రూ. 95, మొత్తం రూ. 19 లక్షలు. 4వ అంశంలో బ్యాంకు నుంచి తీసుకునే అప్పు రూ. 15 లక్షలు. మరి రూ. 4 లక్షలు ఎక్కణ్ణుంచి? ఇద్దరినీ అడగండి. సీఈఓ "రైతుల అడ్వాన్సు నుంచి అనుకున్నాం" అన్నారు, ఛైర్మన్ "ఆ మాటే రాలేదు" అన్నారు. ఇద్దరి మాటా పట్టుకుని మధ్యస్థంగా ఒక వాక్యం అల్లడం మీ పని కాదు. ముసాయిదాలో ఆ చోటు ఖాళీగా వదిలి, పక్కన "నిధుల వనరు – నిర్ధారించాలి" అని రాయండి. డైరెక్టర్ల జవాబుల తర్వాత కూడా తేలకపోతే మినిట్స్‌లో ఆ మాట ఉండదు. అది వచ్చే మీటింగులో కొత్త అంశంగా వస్తుంది.

గోడౌన్ విషయంలో "చూద్దామన్నారు" అంటే తీర్మానం లేనట్టే. "చర్చించి తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది" అంటే సరిపోతుంది. అయితే ఆ గోడౌన్ ఒక డైరెక్టర్ సొంతమని తెలిసింది. అప్పుడు ఇంకో ప్రశ్న తప్పనిసరి: ఆ సంగతి ఆయన మీటింగులో చెప్పారా? చెప్పి ఉంటే అది మినిట్స్‌లో రావాలి. చెప్పకపోతే చెప్పినట్టు రాయకండి. వచ్చే మీటింగులో ఆ అంశం వచ్చినప్పుడు చెప్పాల్సి ఉంటుందని ఛైర్మన్‌కు గుర్తు చేయండి.

రాసిన రూపం

విత్తనాల తీర్మానం ముసాయిదాలో ఇలా నిలబడుతుంది:

"అంశం 3: 2025 ఖరీఫ్‌కు సభ్య రైతులకు సరఫరా చేసేందుకు కే-6 రకం వేరుశనగ విత్తన కాయలు 200 క్వింటాళ్లకు మించకుండా, రవాణా ఖర్చుతో కలిపి కిలో రూ. 95 మించని ధరకు, కనీసం ముగ్గురు సరఫరాదారుల నుంచి కొటేషన్లు తీసుకుని, 2025 మే 31లోపు కొనుగోలు చేయడానికి సీఈఓకు అధికారం ఇస్తూ తీర్మానించడమైనది. హాజరైన డైరెక్టర్లందరూ అంగీకరించారు. [నిధుల వనరు – నిర్ధారించాలి]"

"అందరూ అంగీకరించారు" అన్న వాక్యం కూడా అడిగి తెలుసుకున్న తర్వాతే రాయాలి. ఎవరైనా వద్దని ఉంటే పేరుతో రాయాలి. ఆ డైరెక్టర్‌కు రేపు రక్షణ అదొక్కటే.

బ్యాంకు తీర్మానానికి ప్రశ్నలు వేరు: ఏ బ్యాంకు, ఏ శాఖ, ఎంత పరిమితి, ఏ అవసరానికి, కాగితాల మీద సంతకాలు ఎవరివి, ఇద్దరూ కలిసి పెట్టాలా, ఒక్కరు చాలా. ఈ చివరిది లేకపోవడం వల్లే చాలా తీర్మానాలు బ్యాంకు నుంచి తిరిగొస్తాయి. సంతకందారుల పేర్లు బ్యాంకులోని కేవైసీ కాగితాల్లో ఉన్నట్టే, ఇంటిపేరు అక్షరాలతో సహా సరిపోవాలి.

ముసాయిదా ప్రతి పేజీ మీద "ముసాయిదా" అని ఉంచండి. అందరి జవాబులూ వచ్చాక ఖాళీలు తీసేసి, వరుస నంబర్లున్న మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. కంప్యూటర్‌లో టైపు చేసిన కాగితాన్ని పుస్తకంలో అతికించడం మన దగ్గర మామూలే. నిబంధనలు దాన్ని సూటిగా నిషేధించాయి. ఛైర్మన్ ప్రతి పేజీలో పొట్టి సంతకం, చివరి పేజీలో తేదీతో పూర్తి సంతకం చేయాలి.

అభ్యాసం

ఎమ్మిగనూరులో ఉల్లి రైతుల కంపెనీ. బోర్డులో 7 మంది, హాజరు పుస్తకంలో 3 సంతకాలు. సీఈఓ చెప్పింది ఇంతే: "గోనె సంచులు కొనాలన్నారు, లారీ అద్దె విషయం అయిపోయింది, ఒకాయన మధ్యలో లేచి పోయాడు." ఇందులో కోరం ప్రశ్న ఎక్కడుందో గుర్తించండి. సీఈఓకు, ఛైర్మన్‌కు పంపాల్సిన ప్రశ్నలు ఒక్కో అంశానికి ఆరు మించకుండా రాయండి. మూడో మనిషి ఏ అంశం దగ్గర లేచిపోయారన్న దాన్ని బట్టి ఏవి తీర్మానాలుగా నిలుస్తాయో, ఏవి నిలవవో రెండు రకాలుగా రాసి పెట్టుకోండి. 6వ పాఠంలో వాటిని సరిచూసుకుని, బ్యాంకుకు ఇచ్చే ధ్రువీకరించిన నకలు తయారుచేద్దాం.