చెక్కు బౌన్స్ నోటీసు పంపే ముందు ఆ అంకె చూసుకోండి

చెక్కు కోటి రూపాయలది. నోటీసులో అడిగింది రెండు కోట్లు. టైపింగ్ పొరపాటేనన్న వాదనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నోటీసు చెల్లదంది, కేసు పోయింది.

పేరు, అడ్రసు, చెక్కు నెంబరు ఎవరైనా సరిగ్గానే రాస్తారు. ముంచేది మొత్తం దగ్గరే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అడగాల్సింది చెక్కు మీదున్న మొత్తాన్ని, లెడ్జర్‌లో తేలిన బాకీని కాదు.

కస్టమర్ రూ.1,50,000కి చెక్కు ఇచ్చాడనుకోండి. అతని ఖాతాలో పాత బిల్లు రూ.24,000, వడ్డీ రూ.8,400 కూడా ఉన్నాయి. అకౌంటెంట్ అన్నీ కూడేసి ‘రూ.1,82,400 చెల్లించండి’ అని రాసేస్తాడు. చెక్కు మొత్తాన్ని విడిగా అడగలేదు కాబట్టి ఆ నోటీసు నిలబడదు. ‘ఫలానా నెంబరు, ఫలానా తేదీ చెక్కు మొత్తం రూ.1,50,000 ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా చెల్లించండి’ అని ఒక పేరా రాయండి. వడ్డీ, నోటీసు ఖర్చు కావాలంటే వేరే పేరాలో, వేరే అంకెలుగా అడగండి. పాత బిల్లు సంగతి ఇందులోకి తేకపోవడమే మేలు.

చెక్కు బ్యాంకులో వేయకముందే అతను రూ.40,000 ఫోన్లో పంపాడా? ఇక పూర్తి మొత్తం చెక్కును అలాగే వేయకండి. మిగిలిన రూ.1,10,000కి కొత్త చెక్కు అడగండి. లేదా ఆ చెల్లింపును చెక్కు మీదే రాయించాలి. ‘తర్వాత సర్దుకుందాంలే’ అనుకున్నవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు.

ఇక తేదీలు. చెల్లలేదన్న సమాచారం బ్యాంకు నుంచి మీకు అందాక 30 రోజుల్లో నోటీసు పంపాలి. మార్చి 5న రిటర్న్ మెమో చేతికొస్తే, ఏప్రిల్ 4 చివరి రోజు. నోటీసు కస్టమర్‌కి మార్చి 14న అందితే అతనికి మార్చి 29 దాకా టైముంది. అప్పటికీ కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి.

- మెమో మీది తేదీతో పాటు అది మీకు అందిన తేదీ కూడా రాసిపెట్టుకోండి.
- 15 రోజులు లెక్కించేది నోటీసు అందినప్పటి నుంచి, మీరు పంపినప్పటి నుంచి కాదు. ‘వారంలో కట్టకపోతే’ అని రాయకండి.
- ఆ 15 రోజులు పూర్తికాకముందే ఫిర్యాదు వేయకండి. అది చెల్లదు.
- ఫోన్లో తిట్టుకోవడం నోటీసు కాదు. రాతపూర్వకంగా, సరైన అడ్రసుకి, పోస్టులో పంపండి. రసీదు, ట్రాకింగ్ ప్రింటు దాచండి. తీసుకోనని కవరు తిప్పిపంపితే దాన్ని చింపకండి, అలాగే కోర్టుకి ఇవ్వాలి.
- పాత నోటీసు ఫైలు కాపీ చేసి పేర్లు మార్చకండి. పాత అంకె ఎక్కడో మిగిలిపోతుంది.
- లాయరే రాసినా సరే, సంతకం ముందు చెక్కు జిరాక్స్ పక్కన పెట్టుకుని మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ చదవండి. చెక్కు మొత్తం, అంతే. బాకీ కాదు.
- తప్పు అంకెతో నోటీసు వెళ్లిపోయిందా? 30 రోజులు దాటకపోతే వెంటనే సరైన నోటీసు పంపండి. దాటితే, చెక్కు తేదీ నుంచి మూడు నెలలు కానంతవరకు మళ్లీ బ్యాంకులో వేయొచ్చు. అదీ తిరిగొస్తే కొత్త మెమో, కొత్త 30 రోజులు. ఆ మూడు నెలలూ దాటిపోతే మిగిలేది సివిల్ దావా.