టైప్ సి పిన్ను సరిగ్గానే పడుతుంది, చార్జింగ్ మాత్రం ఎక్కదు

నల్లగొండలో మా రిపేర్ కౌంటర్ దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వచ్చి "అన్నా, చార్జింగ్ ఎక్కుతలేదే" అంటారు. సగం మంది రంధ్రంలోకి ఒక్కసారి కూడా తొంగి చూసి ఉండరు. ముందు ఇంకో ఫోన్‌తో టార్చి వేసి లోపలికి చూడండి, మిగతాది తర్వాత.

సమస్య: పిన్ను లోపలికి పోదు, లేదా పోయి వదులుగా ఊగుతుంది

వేరే రకం పిన్ను పెడుతున్నారన్నమాట. మైక్రో యూఎస్‌బీ రంధ్రం చిన్న తట్టలా ఉంటుంది, ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు మూలలు చెక్కినట్టు సన్నం. పిన్ను మీద రెండు బుల్లి కొక్కేలు కనిపిస్తాయి, ఒక్క వైపే పడుతుంది. కీప్యాడ్ ఫోన్లు, పాత పవర్ బ్యాంకులు, తక్కువ ధర ట్రిమ్మర్లు, కొన్ని బ్లూటూత్ స్పీకర్లలో ఇప్పటికీ ఇదే.

టైప్ సి అయితే క్యాప్సూల్ గోళీని అడ్డంగా పడుకోబెట్టినట్టు కోలగా ఉంటుంది, రంధ్రం నడిమధ్యలో పలుచని నాలుక ఉంటుంది, ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. ఇప్పుడొచ్చే స్మార్ట్‌ఫోన్లు దాదాపు అన్నీ ఇవే. పాత ఐఫోన్ రంధ్రం కూడా కోలగానే ఉంటుంది కానీ చిన్నది, లోపల నాలుక ఉండదు. 2012లో ఐఫోన్ 5తో వచ్చిన లైట్నింగ్ అది, 2023లో ఐఫోన్ 15 నుంచి వాళ్లూ టైప్ సికే మారారు.

మైక్రో పిన్ను టైప్ సి రంధ్రం కంటే చిన్నది కాబట్టి రాత్రి చీకట్లో నొక్కితే దూరిపోతుంది. అప్పుడు ఆ నాలుక వంగుతుంది. వంగిందంటే సాకెట్ మార్చాల్సిందే, సూదితో లేపుతామని కూర్చోకండి.

సమస్య: ఆకారం సరిపోయింది, ఫోన్ ఎక్కుతోంది, అదే కేబుల్‌తో ఇంకో వస్తువు ఎక్కదు

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. దేవరకొండ వైపు నుంచి ఒకాయన తలకు కట్టుకునే లైటు తెచ్చాడు, రాత్రి పూట బోరు మోటార్ దగ్గరికి పోవడానికి. కొత్త ఫోన్‌తో పాటు కొన్న చార్జర్ పెడితే లైటులో ఎర్ర బుడ్డి వెలగడం లేదు. మీటర్ పెట్టి చూస్తే సాకెట్ దగ్గర సున్నా వోల్టులు. కేబుల్ పోయిందనుకుని ఇంకోటి పెట్టాను, అదీ రెండు వైపులా టైప్ సి ఉన్నదే. అదీ సున్నా. సరే అని సాకెట్‌కు మళ్లీ సాల్డరింగ్ చేశాను, బ్యాటరీ కూడా మార్చాను, మధ్యాహ్నం మొత్తం దానికే పోయింది. చివరికి ఆయన వెంట వచ్చిన పిల్లోడు కౌంటర్ మీద పడి ఉన్న పాత కేబుల్, అంటే చార్జర్ వైపు వెడల్పాటి యూఎస్‌బీ ఉన్నది, ఊరికే గుచ్చాడు. బుడ్డి వెలిగింది. నా మొహం చూడాల్సింది అప్పుడు!

కారణం చిన్నదే. పాత వెడల్పాటి రంధ్రం ఉన్న చార్జర్ ఎవరినీ అడగకుండా 5 వోల్టులు ఇచ్చేస్తుంది. టైప్ సి రంధ్రం ఉన్న చార్జర్ అలా ఇవ్వదు, అవతల నిజంగా వస్తువు ఉందో లేదో సీసీ అనే పిన్ను మీద చూసుకుంటుంది. అందుకోసం వస్తువు లోపల రెండు సీసీ పిన్నులకూ చెరో 5.1 కిలో ఓముల రెసిస్టర్ పెట్టాలి. చవక టార్చీలు, చేతి ఫ్యాన్లు చేసేవాళ్లు కొందరు అవి పెట్టరు, ఉత్త సాకెట్ బిగించి పంపేస్తారు. చార్జర్‌కు ఎదుట ఏమీ కనిపించదు, కరెంటు వదలదు. చార్జర్ బాగానే ఉంది, కేబుల్ బాగానే ఉంది, లైటూ పాడవలేదు.

పరిష్కారం: పాత రకం చార్జర్, ఒక వైపు వెడల్పాటి యూఎస్‌బీ, రెండో వైపు టైప్ సి ఉన్న కేబుల్ వాడండి. చార్జర్ లేకపోతే పవర్ బ్యాంకు వెడల్పాటి రంధ్రం నుంచి పెట్టినా సరిపోతుంది. ఈ కేబుల్‌తో వెలిగి, ఆ కేబుల్‌తో వెలగకపోతే అనుమానమే అక్కర్లేదు, రెసిస్టర్లు లేవు. రెండు వైపులా సి ఉన్న కేబుల్‌ను తిప్పి పెడితే ఒక వైపు మాత్రం ఎక్కుతుందంటే, ఒక సీసీ లైనే పనిచేస్తోంది, లేదా ఆ వైపు పిన్నులో మట్టి ఉంది. సాల్డరింగ్ చేతనైన వాళ్లు ఆ రెండు రెసిస్టర్లనూ సీసీ నుంచి గ్రౌండ్‌కు వేసుకోవచ్చు, రెండిటికీ కలిపి ఒక్కటి వేయొద్దు. కానీ కొన్ని సాకెట్లలో కరెంటు పిన్నులు రెండే ఉంటాయి, సీసీయే ఉండదు. వాటి జోలికి పోకుండా పాత కేబుల్‌నే ఆ లైటుకు రబ్బరు బ్యాండు వేసి కట్టేయండి, ఆ దేవరకొండ ఆయనకు నేను చేసి ఇచ్చింది అదే.

ఇక మిగతావి. పాత నోకియా సన్న గుండ్రని పిన్ను ఇప్పుడు పాత సెట్లకే. మైక్రో కంటే మందంగా ఉండే మినీ యూఎస్‌బీ పాత కెమెరాల్లో, కార్ల డాష్‌క్యామ్‌లలో కనిపిస్తుంది. మందు కొట్టే బ్యాటరీ పంపుల గుండ్రని పిన్ను వోల్టేజీ వేరు, దాన్ని ఇంకో దాంట్లో పట్టింది కదా అని గుచ్చకండి.