పాత క్రికెట్ బ్యాటు, టెన్నిస్ రాకెట్టు ఏ కాలానివో గుర్తించడం ఎలా?

పాత బ్యాటు మీద గానీ, చెక్క రాకెట్టు మీద గానీ తయారైన సంవత్సరం అచ్చు వేసి ఉండటం చాలా అరుదు. అందువల్ల కాలనిర్ణయం అంటే ఒక సంవత్సరాన్ని పట్టుకోవడం కాదు, రెండు హద్దులను నిర్ణయించడం: ఈ వస్తువు ఏ సంవత్సరానికి ముందు తయారై ఉండే అవకాశం లేదు, ఏ సంవత్సరం తర్వాత తయారై ఉండే అవకాశం లేదు. వస్తువుతోపాటు పుట్టిన భాగాలలో అన్నిటికంటే కొత్త లక్షణం ఏదో అది మొదటి హద్దును చెబుతుంది. "వస్తువుతోపాటు పుట్టిన" అన్న మాట ఇక్కడ కీలకం, ఎందుకంటే బ్యాటుకు గ్రిప్పు, దారం, ఒక్కొక్కసారి పిడి కూడా మారుతాయి. రాకెట్టుకు తీగలు, పిడి మీది తోలు మారుతాయి. చెక్క, ఆకారం, తయారీదారు ముద్ర మాత్రం సాధారణంగా మొదటివే ఉంటాయి కనుక పరిశీలన వాటితో మొదలుపెట్టాలి.

1. తుడవకముందే చూడండి

అటక మీద దొరికిన బ్యాటును చూడగానే గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించాలనిపిస్తుంది. ఆ పని చేస్తే సగం ఆధారాలు పోతాయి. చెక్కలోకి లోతుగా నొక్కిన ముద్ర కూడా ఏళ్ల తరబడి అరిగి, వెంట్రుకవాసి లోతులో మాత్రమే మిగిలి ఉండవచ్చు. గరుకు కాగితం మొదట తీసేది దానినే. నూనె చెక్కను నల్లబరచి, మిగిలిన సిరా అక్షరాలను కనబడకుండా చేస్తుంది. పొడి మెత్తని గుడ్డతో దుమ్ము దులపడం వరకు సరిపోతుంది.

తర్వాత గదిలో వెలుతురు తగ్గించి, టార్చి లైటును బ్యాటు ముఖానికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. నేరుగా చూసినప్పుడు నున్నగా కనిపించిన చోట అక్షరాల నీడలు లేస్తాయి. బ్యాటును మెల్లగా తిప్పుతూ ప్రతి కోణంలోనూ ఫోటో తీయండి. అప్పటికీ చదవడం సాధ్యం కాకపోతే, పలుచని తెల్ల కాగితాన్ని ముద్ర మీద కదలకుండా పరచి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి తేలికగా రుద్దితే, నొక్కిన అక్షరాలు తెల్లగా, చుట్టూ ఉన్న భాగం నల్లగా కాగితం మీదికి వస్తాయి. ముద్ర వెతకవలసింది ముఖం మీద మాత్రమే కాదు. భుజాల దగ్గర, వెనకవైపు, పిడి చివరన కూడా చూడాలి.

2. బ్యాటు ఆకారం, అతుకు

క్రికెట్ తొలినాళ్లలో బ్యాట్లు హాకీ కర్రలాగా అడుగున వంగి ఉండేవి. బంతిని దొర్లించడం మాని, నేల మీద పడి లేచేలా వేయడం మొదలయ్యాక, 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో అవి నిటారుగా మారాయి. 1771లో వైట్ అనే ఆటగాడు వికెట్లంత వెడల్పైన బ్యాటుతో దిగిన తర్వాత వెడల్పుకు నాలుగుంపావు అంగుళాల హద్దు వచ్చింది. పొడవుకు 38 అంగుళాల హద్దు 1835లో వచ్చింది. మన ఇళ్లలో అంతటి పాత బ్యాటు దొరుకుతుందని ఆశించడం అత్యాశే అయినా, అలంకరణ కోసం చేసిన నకిలీలను అమ్మేవారు సరిగ్గా ఆ వంపు ఆకారాన్నే ఎంచుకుంటారు కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఇంట్లో దొరికే బ్యాటులో మొదట చూడవలసినది పిడి, పలక కలిసే చోటు. మొదట్లో బ్యాటు మొత్తాన్ని ఒకే చెక్క నుంచి చెక్కేవారు. 19వ శతాబ్దిలో పిడిని విడిగా చేసి, ఆంగ్ల వి అక్షరం ఆకారంలో పలకలోకి దింపి అతికించే పద్ధతి వచ్చింది. ఆ శతాబ్ది మధ్యకాలం నుంచి పిడికి బెత్తం వాడటం, బెత్తం ముక్కల మధ్య రబ్బరు పొరలు పెట్టడం వ్యాపించాయి. గ్రిప్పు సులువుగా పైకి జరిగితేనే జరిపి, పిడి చివరి భాగాన్ని భూతద్దంతో చూడండి. బెత్తం ముక్కల మధ్య సన్నని నల్ల గీతలు కనిపిస్తే అవి రబ్బరు పొరలే. గ్రిప్పును మాత్రం ఎప్పుడూ కోయకండి.

అతుకును చూసేటప్పుడే పిడి మార్చారా అన్నది కూడా తెలుస్తుంది. పలక ముదురు రంగులో ఉండి పిడి పాలిపోయి ఉన్నా, వి ఆకారపు అంచు వెంట కొత్త జిగురు గట్టిపడి కనిపించినా, లేదా ముద్రలోని కొన్ని అక్షరాలు అతుకు దగ్గర హఠాత్తుగా తెగిపోయినా, పిడిని తర్వాత వేసినట్లే భావించాలి. అప్పుడు పిడి చెప్పే కాలాన్ని పలకకు అంటగట్టకూడదు.

ఇక మందం. పాత బ్యాట్లు ఇప్పటివారికి ఆశ్చర్యం కలిగించేంత పలుచగా ఉంటాయి. అంచులు సన్నగా, వీపు మెల్లగా వాలుగా ఉండి, మొత్తం బరువు తరచుగా కిలో దగ్గర ఆగుతుంది. బలిసిన అంచులు ఇటీవలి దశాబ్దాలవి. అవి మరీ పెరిగిపోవడంతోనే 2017లో అంచుకు 40, మొత్తం మందానికి 67 మిల్లీమీటర్ల పరిమితి విధించవలసి వచ్చింది. వీపు మీద తొట్టిలా లోతుగా చెక్కిన భాగం ఉంటే ఇంకా సులభం: గ్రే-నికల్స్ 'స్కూప్' బ్యాటు 1974లో వచ్చింది, ఇతరులు దానిని అనుకరించారు. కాబట్టి అలాంటి వీపున్న బ్యాటును తాతగారు 1950లలో ఆడారని చెబితే, మాట తాతగారిదే కావచ్చు గానీ బ్యాటు మాత్రం ఆయనది కాదు.

3. చెక్క రంగును ఎంతవరకు నమ్మాలి

19వ శతాబ్ది చివరి వరకు బ్యాట్లకు విల్లో చెట్టు నడిమి భాగమైన చేవను ఎక్కువగా వాడేవారు. అది ఎర్రటి గోధుమరంగులో, బరువుగా ఉంటుంది. 1890ల ప్రాంతంలో బయటి వైపు ఉండే తెల్లని చెక్కకు మారారు. అందువల్ల పలక మొత్తం చేవతో ఉంటే అది పాతదనానికి మంచి సూచనే. అయితే చెక్క పైరంగును చూసి ఆ మాట అనకూడదు. తెల్ల చెక్క కూడా నూనె, ఎండ, చేతి చెమట తగిలి యాభై ఏళ్లలో బెల్లం రంగుకు వస్తుంది. ఎక్కడైనా పాత పగులు లోపల గానీ, గ్రిప్పు కింద దాగిన పలక భుజం మీద గానీ అసలు రంగు చూడాలి. ఒక అంచు వెంట మాత్రమే గోధుమ చార ఉండటం కాలానికి గుర్తు కాదు. ఇప్పటి బ్యాట్లలోనూ అది ఉంటుంది. కాశ్మీరు విల్లో సహజంగానే కొంత ముదురుగా, బరువుగా ఉంటుందన్న సంగతి కూడా మరవకూడదు.

4. ముద్రలో పేరుకంటే ఊరు ముఖ్యం

తయారీదారు పేరు దశాబ్దాల పాటు మారకపోవచ్చు. కానీ ఊరు, దేశం, సంస్థ పూర్తి పేరు మారుతూ వస్తాయి. మన దేశానికి సంబంధించినంతవరకు అన్నిటికంటే పదునైన ఆధారం సియాల్‌కోట్. అవిభక్త పంజాబులో క్రీడాసామగ్రికి అదే కేంద్రం. 1947 ఆగస్టులో అది పాకిస్తాన్‌లోకి వెళ్లడంతో అక్కడి హిందూ, సిక్కు తయారీదారులు, పనివారు చాలామంది జలంధర్‌కు, మీరట్‌కు వచ్చి స్థిరపడ్డారు. ఉదాహరణకు ఎస్.జి. సంస్థ 1931లో సియాల్‌కోట్‌లోనే మొదలై, విభజన తర్వాత మీరట్‌కు వచ్చింది. కనుక 'సియాల్‌కోట్', 'మేడ్ ఇన్ ఇండియా' అన్న రెండు మాటలూ ఒకే ముద్రలో ఉంటే, ఆ బ్యాటు 1947 ఆగస్టుకు ముందుదే. పాకిస్తాన్ పేరుంటే ఆ తర్వాతిది.

ఇంగ్లండు నుంచి వచ్చిన వాటికి అమ్మిన దుకాణం ముద్ర కూడా పనికొస్తుంది. బొంబాయి, కలకత్తాలలో శాఖలున్న ఆర్మీ అండ్ నేవీ సంస్థ పేరులో 'కోఆపరేటివ్ సొసైటీ' అని ఉంటే 1934కు ముందు, 'స్టోర్స్' అని ఉంటే ఆ తర్వాత అని చెప్పవచ్చు. ఆటగాడి సంతకం అచ్చు వేసిన బ్యాట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. డాన్ బ్రాడ్‌మన్ సంతకం ఉన్న సైక్స్ బ్యాటు, ఆయన తొలి టెస్టు ఆడిన 1928కి ముందుది కాదని ధైర్యంగా చెప్పవచ్చు. కానీ ఆయన ఆట మానిన తర్వాత కూడా ఆ పేరుతో బ్యాట్లు అమ్ముడయ్యాయి గనుక, రెండో హద్దును సంతకం చెప్పదు. సంస్థ పేరు చెబుతుంది. సైక్స్ సంస్థ 1942లో స్లాజెంజర్‌లో కలిసింది కాబట్టి, ఆ రెండు పేర్లూ కలిసి కనిపిస్తే బ్యాటు ఆ తర్వాతిది.

5. ఒక బ్యాటును చివరిదాకా చూద్దాం

పేరు అరిగిపోయిన ఒక బ్యాటు ఉందనుకోండి. టార్చి వెలుగులో కింది వరుసలో 'సియాల్‌కోట్', దాని కింద 'మేడ్ ఇన్ ఇండియా' తేలాయి. పిడి బెత్తంది, రబ్బరు పొరలున్నాయి, అతుకు చెదరలేదు. భుజం దగ్గర చెక్క తెల్లగా ఉంది, అంచులు పలుచన. నీలిరంగు గ్రిప్పు మాత్రం నిన్న మొన్నటిలా మెరుస్తోంది. గ్రిప్పును లెక్కలోంచి తీసేయాలి. తెల్ల చెక్క వల్ల 1890ల కంటే ముందుది కావడం కష్టం, ముద్ర వల్ల 1947 తర్వాతిది కావడం అసాధ్యం. ఇప్పటికి దొరికింది యాభై ఏళ్ల వెడల్పున్న హద్దు.

పలక వెనక 'అంతర్ పాఠశాలల పోటీ, 1936' అని చెక్కిన చిన్న వెండి రేకు మేకులతో బిగించి ఉందనుకుందాం. రేకు బహూకరించిన తేదీని చెబుతుంది. బ్యాటు అంతకుముందే తయారై ఉండాలి. అయితే రేకును వేరొక బ్యాటు నుంచి తెచ్చి వేయలేదని నిర్ధారించుకోవాలి. రేకు చుట్టూ ఖాళీ మేకు రంధ్రాలేమైనా ఉన్నాయా, రేకు అంచు కింద చెక్క చుట్టుపక్కల కంటే పాలిపోయి ఉందా, మేకుల చుట్టూ ఏళ్లనాటి మురికి పేరుకుందా అని చూడండి. ఇవన్నీ సరిపోతే, బహుమతి కోసం సాధారణంగా కొత్త బ్యాటునే కొంటారు కాబట్టి '1930ల మధ్యభాగం, 1936 లోపు' అని రాసుకోవచ్చు. రేకు అనుమానాస్పదంగా ఉంటే యాభై ఏళ్ల హద్దే మిగులుతుంది. దాన్ని బలవంతంగా కుదించకూడదు.

6. రాకెట్టుకు మెడే గడియారం

చెక్క రాకెట్టులో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది తల, పిడి కలిసే చోట పొదిగిన త్రికోణపు ముక్క. తీగల వైపు ఉండే దాని పైఅంచు తీగల్లోకి ఉబ్బి ఉంటే ఆ రాకెట్టు సాధారణంగా 19వ శతాబ్ది చివరి నుంచి 20వ శతాబ్ది తొలి ఏళ్ల వరకు ఉన్న కాలానిది. లోపలికి వంగి, తల గుండ్రదనంతో కలిసిపోతే ఆ తర్వాతిది. తల ఒక పక్కకు ఒరిగినట్లు ఉంటే 1870, 80ల నాటిది. చేప తోకలా విచ్చుకున్న పిడి 20వ శతాబ్ది తొలి దశకాలను సూచిస్తుంది.

తర్వాత తల పక్కభాగాన్ని చూడండి. పాత రాకెట్టు చట్రం ఒకే యాష్ చెక్క పట్టీని ఆవిరితో వంచి చేసింది. పక్కన పొరల గీతలుండవు. 1930ల నుంచి పలుచని పొరలను అతికించి చేసినవి వ్యాపించాయి. డన్‌లప్ మాక్స్‌ప్లై 1931లో వచ్చింది. పిడి మీద తోలు లేకుండా గాడులు మాత్రమే చెక్కి ఉంటే, తోలు ఊడిపోయిందని తొందరపడకండి. తోలు మామూలయ్యే ముందు పిడులు అలాగే ఉండేవి. ఆటగాడు జాక్ క్రామర్ సంతకంతో విల్సన్ సంస్థ చేసిన వంటి రాకెట్లు 1940ల చివర మొదలై మూడు దశాబ్దాలకు పైగా అమ్ముడయ్యాయి కాబట్టి వాటి విషయంలోనూ సంతకం ఒక్క హద్దే ఇస్తుంది.

7. నకిలీని పట్టేచోటు

హోటళ్ల గోడల కోసం చేసిన 'పురాతన' రాకెట్లు, బ్యాట్లు బజారులో ఉన్నాయి. రాకెట్టు తీగల రంధ్రాల లోపలికి చూడండి: నిజంగా ఆడిన రాకెట్టులో తీగ ఒరుసుకుని రంధ్రపు అంచు ఒక పక్కకు అరిగి, నున్నబడి ఉంటుంది, నకిలీలో రంధ్రం వాడిగా, లోపలి చెక్క తెల్లగా ఉంటుంది, రంగు పైన మాత్రమే పూసి ఉంటుంది. బ్యాటులో అరుగుదల బంతి తగిలే చోట, నేలకు తగిలే అడుగు అంచు దగ్గర కాకుండా అన్నిచోట్లా సమానంగా ఉంటే అది మరయంత్రపు పని. మరలు ఉంటే వాటి తలలు చూడాలి. కూడిక గుర్తు గాడి ఉన్న మరలు 1930ల మధ్యలో మార్కెట్లోకి వచ్చాయి గనుక, 1880ల రాకెట్టు అని చెప్పి అమ్ముతున్న దానికి అలాంటి మర ఉంటే, అది మరమ్మతులో వేసినదని చూపగల పాత రంధ్రమో, మచ్చో లేనంతవరకు ఆ మాటను ఒప్పుకోకండి.