విమానం రద్దయితే రీఫండ్, పరిహారం కోరుతూ ఎయిర్‌లైన్‌కు లేఖ ఎలా రాయాలి?

రేపు ఉదయం 7 గంటలకు విశాఖ నుంచి హైదరాబాద్ విమానం. శ్రీకాకుళం నుంచి ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ కూడా మాట్లాడుకున్నారు. రాత్రి 9 గంటలకు ఫోన్‌కి మెసేజ్: ఫ్లైట్ రద్దు.

టెన్షన్‌లో ఆ మెసేజ్‌లోని లింకు నొక్కేయకండి. ముందు టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. పరిహారం వస్తుందా రాదా అన్నది ఎక్కువగా ఆ టైమ్ మీదే ఆధారపడుతుంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం, 24 గంటల ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే టికెట్ డబ్బుతో పాటు పరిహారం కూడా ఇవ్వాలి. ఇక్కడ పది గంటల ముందు మాత్రమే చెప్పారు. డబ్బుకి బదులు వోచర్ తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, వాళ్లు బలవంతపెట్టకూడదు.

తర్వాత కారణం రాతపూర్వకంగా అడగండి. తుఫాను, పొగమంచు, భద్రతా కారణాల వంటివైతే రీఫండ్ వస్తుంది గానీ పరిహారం రాదు. ‘ఆపరేషనల్ కారణాలు’ అని ఊరుకుంటే మాత్రం వదలొద్దు. ఏమిటా కారణమని లేఖలోనే అడగాలి.

ఇప్పుడు లెక్క. ప్రయాణ సమయం గంట దాటి రెండు గంటల వరకైతే రూ.7,500, లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది. హైదరాబాద్ విమానం ఈ కోవలోకే వస్తుంది. టికెట్ రూ.4,650, అందులో బేసిక్ ఛార్జీ రూ.3,600, ఇంధన ఛార్జీ లేదు అనుకుందాం. రీఫండ్ రూ.4,650, పరిహారం రూ.3,600, మొత్తం రూ.8,250. చాలామంది నేరుగా రూ.7,500 అడిగేస్తారు, అది తిరస్కరించడం ఎయిర్‌లైన్‌కు తేలిక.

లేఖ ఇంత చాలు. కస్టమర్ కేర్‌కు ఇంగ్లిష్‌లో పంపితే త్వరగా కదులుతుంది, విషయం మాత్రం ఇదే:

“నా పీఎన్ఆర్ ఫలానా. ఫలానా తేదీ ఉదయం 7 గంటల విశాఖ–హైదరాబాద్ విమానం రద్దయినట్టు ముందురోజు రాత్రి 9 గంటలకు మెసేజ్ పంపారు. వేరే విమానం గానీ వోచర్ గానీ నాకు వద్దు. రీఫండ్ రూ.4,650, డీజీసీఏ నిబంధన ప్రకారం పరిహారం రూ.3,600 చెల్లించండి. పరిహారం వర్తించదంటే, కచ్చితమైన కారణం రాతపూర్వకంగా తెలపండి. స్క్రీన్‌షాట్, టికెట్ జత చేశాను.”

కోపమంతా లేఖలో పెట్టకండి. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లోని ఫిర్యాదు ఫారంలో, ఈమెయిల్‌లో రెండు చోట్లా పంపి, ఫిర్యాదు నంబరు దాచుకోండి. ఏజెంటు దగ్గర కొన్న టికెట్టయినా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. “ఏజెంటుని అడగండి” అంటే ఒప్పుకోవద్దు.

జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా అదే సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, తర్వాత ఆ పైన అప్పీలు చూసే అప్పిలేట్ అధికారికి రాయండి. కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. విమాన సంస్థ ఆఫీసు ఎక్కడున్నా, మీరు ఉండే శ్రీకాకుళం జిల్లాలోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు. ట్యాక్సీ అడ్వాన్సు, హోటల్ ఖర్చు వంటివి డీజీసీఏ లెక్కలో రావు గానీ కమిషన్‌లో అడగవచ్చు. అందుకే ఆ రసీదులు కూడా పారేయకండి.